లెక్కపెట్టే విద్య – 6వ భాగం: పది మిఠాయిలు, నలుగురు పిల్లలు, మూడు గీతలు

గత భాగంలో వరుసగా ఉన్న స్థానాల్లోంచి కొన్నింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చూశాం. 13 స్థానాల్లో 3 ఎంచుకోవాలంటే 13 × 12 × 11 ని 3 × 2 × 1 తో భాగించాలి, 286 వస్తుంది. దీన్ని C(13, 3) అని రాశాం. ఈ భాగంలో కొత్త సూత్రం ఏదీ లేదు. పాత సూత్రాన్ని గుర్తుపట్టలేని చోట గుర్తుపట్టడమే ఇవాళ్టి పని.

ఈ ధారావాహిక చదువుతున్న ఒక అమ్మాయి తన అభ్యాస పుస్తకంలోని ఒక లెక్కను ఫోటో తీసి పంపింది. పేజీ కొంచెం వంగి ఉంది. కుడివైపు అంచున జవాబులు ఉన్నాయి గానీ వాటి మీద బొటనవేలి నీడ పడింది. ప్రతి జవాబులోనూ చివరి అంకె మాత్రమే కనిపిస్తోంది. లెక్క ఇది:

ఒకే రకమైన 10 మిఠాయిలను నలుగురు పిల్లలకు పూర్తిగా పంచాలి. ఎన్ని విధాలుగా పంచవచ్చు?
(అ) కొందరికి ఏమీ రాకపోయినా ఫరవాలేదు. …6
(ఆ) ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటి రావాలి. …4
(ఇ) ఎవరికీ 4 కంటే ఎక్కువ రాకూడదు. …8

(ఇ) ప్రశ్నలో ఉన్న అంకె మసకగా ఉంది. అది 4 కావచ్చు, 9 కావచ్చు. ఆ సంగతి చివర్లో తేలుద్దాం.

ఫోటోతో పాటు ఆమె రాసింది: "మొదట ఒక్కో మిఠాయికి నలుగురిలో ఒకరిని ఎంచుకోవచ్చు కదా అని 4ను పదిసార్లు గుణించాను. 10,48,576 వచ్చింది. చివర 6 ఉంది, సరిపోయిందనుకున్నాను. కానీ అదే దారిలో (ఆ) చేస్తే చివర 4 రావడం లేదు. తర్వాత నక్షత్రాలు, గీతలు అనే పద్ధతి ఉందని విని ప్రయత్నిస్తే (అ)కు 1001 వచ్చింది. ఎక్కడ తప్పాను?"

రెండూ మంచి తప్పులే. చివరి అంకె కలిసినంత మాత్రాన జవాబు సరైనదని కాదు. గుడ్డిగా రాసినా పదింటిలో ఒకసారి కలుస్తుంది.

ముందు మొదటి తప్పు చూద్దాం. పిల్లలను క, చ, ట, త అని పిలుద్దాం. మిఠాయిలకు 1 నుంచి 10 దాకా అంకెలు అంటించి ఉంటే 10,48,576 సరైన జవాబే. కానీ లెక్కలో "ఒకే రకమైన" అన్న మాట ఉంది. క చేతిలో ఉన్న మిఠాయినీ చ చేతిలో ఉన్న మిఠాయినీ తారుమారు చేస్తే ఎవరికీ తేడా తెలియదు. కాబట్టి అది కొత్త పంపకం కాదు. మనకు కావలసింది ఎవరికి ఏవి వచ్చాయన్నది కాదు, ఎవరికి ఎన్ని వచ్చాయన్నదే. పిల్లలు మాత్రం వేరువేరు మనుషులు. క కు 7, చ కు 3 రావడం, క కు 3, చ కు 7 రావడం రెండు వేరువేరు పంపకాలు.

పదింటి జోలికి పోకముందు 4 మిఠాయిలు, ముగ్గురు పిల్లలతో చేతిమీద లెక్కిద్దాం. క కు 4 వస్తే మిగతా ఇద్దరికీ సున్నా, ఒకే విధం. క కు 3 వస్తే మిగిలిన ఒకటి చ కో ట కో వెళ్తుంది, రెండు విధాలు. క కు 2 వస్తే మూడు, 1 వస్తే నాలుగు, సున్నా వస్తే ఐదు. మొత్తం 15. ఈ 15ను గుర్తుంచుకోండి, పద్ధతిని సరిచూడడానికి పనికొస్తుంది.

ఇప్పుడు పద్ధతి. పది మిఠాయిలను పది నక్షత్రాలుగా ఒకే వరుసలో గీయండి. పిల్లలు ఆ వరుస పక్కన వరుసగా నిలబడ్డారనుకోండి. క వాటా ఎక్కడ ముగిసిందో అక్కడ ఒక నిలువు గీత, చ వాటా ముగిసిన చోట ఇంకొకటి, ట వాటా ముగిసిన చోట మూడోది. త వాటా వరుస చివర దానంతటదే ముగుస్తుంది, దానికి గీత అక్కర్లేదు.

★★★|★★|★★★★|★

ఇది క కు 3, చ కు 2, ట కు 4, త కు 1.

★★★★★||★★★|★★

ఇక్కడ రెండు గీతలు పక్కపక్కనే ఉన్నాయి, అంటే చ కు ఏమీ రాలేదు. వరుస గీతతోనే మొదలైతే క కు సున్నా. గీతతోనే ముగిస్తే త కు సున్నా. ఏ పంపకం చెప్పినా దానికి ఒకే ఒక్క బొమ్మ ఉంటుంది. ఏ బొమ్మ గీసినా దాన్నుంచి ఒకే ఒక్క పంపకం చదవగలం. అందుకే పంపకాలను వదిలేసి బొమ్మలను లెక్కపెట్టవచ్చు. ఒక్కో బొమ్మలో 10 నక్షత్రాలు, 3 గీతలు, మొత్తం 13 స్థానాలు. గీతలకు ఏ మూడు స్థానాలో ఎంచుకుంటే మిగతావి నక్షత్రాలు. అదే C(13, 3), అంటే 286. చివర 6.

చిన్న లెక్కను కూడా ఇలా చూడండి. 4 నక్షత్రాలు, 2 గీతలు, 6 స్థానాలు. C(6, 2) = 15. చేతిమీద లెక్కించిందీ అంతే.

అమ్మాయికి 1001 ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. నలుగురు పిల్లలు కాబట్టి నాలుగు గీతలు వేసింది. 14 స్థానాల్లో 4 ఎంచుకుంటే C(14, 4) = 1001. ఈ పద్ధతిలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. తాడును నాలుగు ముక్కలు చేయాలంటే మూడు చోట్ల కోస్తే చాలు. అయితే 1001 ఉత్తుత్తి సంఖ్య కాదు. నాలుగో గీత తర్వాత ఇంకో వాటా మొదలవుతుంది, ఐదో వాటా. దాన్ని డబ్బాలోనే మిగిలిపోయిన మిఠాయిలు అనుకుంటే, "పదింటినీ పంచాల్సిన అవసరం లేదు, ఎన్ని పంచినా సరే" అన్న వేరే ప్రశ్నకు 1001 సరైన జవాబు. ఆమె పంపిన లెక్కలో "పూర్తిగా" అన్న మాట ఉంది కాబట్టే అది తప్పయింది. ఇలాంటి లెక్కల్లో ముందు వెతకాల్సింది ఆ మాటనే.

ఒక పక్కమాట. పిల్లలకు పంచడానికి ఈ పద్ధతిని ఎవరు మొదట వాడారో గానీ, భౌతికశాస్త్రంలో దీని పేరు పెద్దది. 1900లో మాక్స్ ప్లాంక్ వేడి వస్తువుల నుంచి వెలువడే కాంతిని వివరించేటప్పుడు, శక్తిని సమానమైన తునకలుగా చేసి, వాటిని కంపించే వస్తువుల మధ్య ఎన్ని విధాలుగా పంచవచ్చో ఈ సూత్రంతోనే లెక్కించాడు. 1914లో ఎరెన్‌ఫెస్ట్, కామర్‌లింగ్ ఓనెస్ ఆ సూత్రాన్ని గుర్తులను వరుసగా పేర్చి, మనం చేసినట్టే, తేలిగ్గా రాబట్టి చూపారు.

ఇక (ఆ). ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటి. ముందు నలుగురి చేతుల్లో తలా ఒకటి పెట్టేయండి. ఏ మిఠాయిని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న రాదు, అన్నీ ఒకటే కదా. కొందరు ఇక్కడ "10లో 4 ఎంచుకోవడం" అంటూ 210తో గుణిస్తారు. అది మిఠాయిలకు మళ్లీ అంకెలు అంటించడమే. చేతుల్లో పెట్టేది ఒకే విధంగా జరుగుతుంది. మిగిలిన 6ను ఏ షరతూ లేకుండా నలుగురికి పంచాలి. 6 నక్షత్రాలు, 3 గీతలు. C(9, 3) = 84. చివర 4.

ఇదే జవాబు ఇంకో దారిలోనూ వస్తుంది. పది నక్షత్రాల మధ్య 9 ఖాళీలు ఉంటాయి. ఎవరి వాటా సున్నా కాకూడదంటే ఒక్కో ఖాళీలో ఒక గీతకు మించి పెట్టకూడదు, వరుస చివర్లలో అసలు పెట్టకూడదు. అంటే 9 ఖాళీల్లో 3 ఎంచుకోవాలి. అదే 84. నాకు ఈ రెండో దారి ఎక్కువ ఇష్టం, కానీ మొదటి దారే ఎక్కువ పనికొస్తుంది. "క కు కనీసం 3, ట కు కనీసం 2" లాంటి షరతులు వచ్చినా ముందుగా అంత ఇచ్చేసి మిగిలింది పంచవచ్చు. ఖాళీల దారి అక్కడ ఆగిపోతుంది.

(ఇ) దగ్గర నక్షత్రాలు, గీతలు మాత్రమే సరిపోవు. "కనీసం" అన్న షరతును ముందే ఇచ్చి తీర్చవచ్చు. "ఇంతకు మించకూడదు" అన్నదాన్ని ముందే ఇచ్చి తీర్చలేం. అందుకే తలకిందులుగా వెళ్లాలి. షరతు తప్పిన పంపకాలను లెక్కించి 286 నుంచి తీసేయాలి.

క కు 4 మించిందంటే కనీసం 5 వచ్చాయన్నమాట. ఆ 5 ముందే ఇచ్చేస్తే మిగిలిన 5ను నలుగురికి పంచే విధాలు C(8, 3) = 56. ఇది క ఒక్కరి లెక్క. చ, ట, త లకూ అంతే కాబట్టి 4 × 56 = 224. 286 − 224 = 62. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ క కు 5, చ కు 5 వచ్చిన పంపకం క లెక్కలో ఒకసారి, చ లెక్కలో ఒకసారి, రెండుసార్లు తీసివేతకు గురైంది. ఇద్దరికి చెరో 5 ఇస్తే ఇంకేమీ మిగలదు, కాబట్టి ప్రతి జంటకూ ఇలాంటి పంపకం ఒక్కటే. నలుగురిలో జంటలు 6. ఆ 6ను తిరిగి కలిపితే 62 + 6 = 68. ముగ్గురికి తలా 5 ఇవ్వాలంటే 15 కావాలి, మన దగ్గర అన్ని లేవు, కాబట్టి లెక్క అక్కడితో సరి.

జవాబు 8తో ముగిసింది. మసక అంకె 9 అయి ఉంటే తప్పిన పంపకాలు నాలుగే, ఒక్కరికే పదీ వచ్చినవి. జవాబు 282 అయ్యేది, చివర 2 వచ్చేది. కాబట్టి ఆ అంకె 4.

కానీ చివరి అంకె మీద నమ్మకం పెట్టుకోవద్దని పైనే అన్నాను. ఇంకో దారిలో సరిచూద్దాం. నలుగురికీ తలా 4 అరలున్న పళ్లెం ఇచ్చామనుకోండి. మొత్తం 16 అరలు, 10 నిండుతాయి, 6 ఖాళీగా ఉంటాయి. మిఠాయిలను కాకుండా ఖాళీ అరలను పంచుదాం. 6 ఖాళీలు, నలుగురు, C(9, 3) = 84. ఒకరి పళ్లెంలో 5 లేదా అంతకు మించి ఖాళీలు ఉండడం అసాధ్యం. ఒకరికి ముందే 5 ఖాళీలు ఇస్తే మిగిలిన ఒకటి నలుగురిలో ఎవరికైనా పోతుంది, 4 విధాలు. నలుగురికీ కలిపి 16. ఇద్దరికి చెరో 5 ఖాళీలు కుదరవు. 84 − 16 = 68.

(ఇ)లో 5 బదులు 4 ముందే ఇచ్చేయడం మరో తరచు జరిగే పొరపాటు. అలా చేస్తే 286 − 336 + 60, అంటే 10 వస్తుంది. ఎవరికీ 3 మించకూడదు అన్న ప్రశ్నకు అది జవాబు.

వచ్చే భాగం దాకా మీకు ఒక లెక్క: ఒకే రకమైన 12 మిఠాయిలు, ఐదుగురు పిల్లలు. అన్నిటికంటే చిన్న పిల్లకు కనీసం 3 రావాలి, మిగతా వారికి షరతు లేదు, అన్నీ పంచేయాలి. నాకు 715 వచ్చింది. మీకు 1820 వస్తే ముందే ఇవ్వాల్సిన 3 మర్చిపోయారు, 2002 వస్తే ఒక గీత ఎక్కువ వేశారు.