ఏడాది చివర వచ్చే ట్రూ-అప్ ఇన్వాయిస్‌ను సరిచూసుకోవడం ఎలా?

ఏప్రిల్ రెండో వారంలో అకౌంట్స్ వాళ్ళకి ఒక ఇన్వాయిస్ వస్తుంది. అప్పటికే పన్నెండు నెలల బిల్లులూ కట్టేశారు, కొత్తగా వాడిందేమీ లేదు. అయినా ఏడు లక్షల పైచిలుకు కట్టమంటుంది. "ఇదేంటండీ, మేం వాడనిదానికి బిల్లేమిటి?" అని వెంటనే ఫోన్. విక్రేత వైపు బిల్లింగ్‌లో పనిచేసినన్నాళ్ళూ ప్రతి ఏప్రిల్లోనూ ఈ ఫోన్లు ఎత్తాను. చాలాసార్లు బిల్లు సరైనదే. అప్పుడప్పుడు తప్పు మా వైపే ఉండేది, లెక్క అడిగినవాళ్ళకే అది బయటపడేది.

విషయం మెస్ కూపన్ల లాంటిదే. నెలకి అరవై భోజనాలు తింటానని ఒప్పుకుంటే భోజనం రేటు తగ్గిస్తాడు. మీరు యాభైకే ఆగిపోతే మిగతా పదీ మీ ఖాతాలోనే. క్లౌడ్, సాఫ్ట్‌వేర్, ఎస్ఎంఎస్ గేట్‌వే లాంటి సేవల్లో పెద్ద కస్టమర్లు "ఏడాదికి ఇంత తప్పకుండా ఖర్చు పెడతాం" అని సంతకం పెట్టి డిస్కౌంట్ తీసుకుంటారు. ఆ మొత్తం కమిట్. ఏడాది ముగిశాక కమిట్‌కీ నిజంగా వాడినదానికీ మధ్య తేడాను సర్దే బిల్లు ట్రూ-అప్.

ఒక చిక్కుంది. ఇదే మాటను అందరూ ఒకే అర్థంలో వాడరు. మైక్రోసాఫ్ట్ ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్‌లో ట్రూ-అప్ అంటే ఏడాదిలో అదనంగా చేర్చుకున్న యూజర్లను, డివైజ్‌లను లెక్క చెప్పి డబ్బు కట్టడం. వార్షిక తేదీకి 60 నుంచి 30 రోజుల ముందు ఆ ఆర్డర్ ఇవ్వాలి. అంటే అక్కడ ట్రూ-అప్ ఎక్కువైనదానికి, ఇక్కడ మనం మాట్లాడుకునేది తక్కువైనదానికి. మీ ఒప్పందంలో ఆ మాట ఏ వైపుకి వాడారో ముందు అది చూసుకోండి.

ముందుగా: ఒప్పందంలో మూడు వాక్యాలు వెతకండి

మొత్తం ఒప్పందం చదవక్కర్లేదు. ఆర్డర్ ఫారంలో, దానికి జతచేసిన షరతుల్లో మూడు విషయాలు చాలు.

కమిట్‌లోకి ఏవి లెక్కకొస్తాయి? వాడకం ఛార్జీలు దాదాపు ఎప్పుడూ వస్తాయి. ఆన్‌బోర్డింగ్ ఫీజు, ట్రైనింగ్, కొన్నిచోట్ల సపోర్ట్ ప్లాన్ రావు. పన్నులు మామూలుగా రావు, కమిట్ సాధారణంగా జీఎస్టీ ముందు మొత్తమే.

రెండోది, క్రెడిట్లను ఎలా చూస్తారు? సేవ ఆగిపోయినందుకు విక్రేత ఇచ్చిన ఎస్ఎల్ఏ క్రెడిట్‌ని వాడకంలోంచి తీసేస్తారా, లేదా? ఈ ఒక్క వాక్యం చుట్టూ జరిగినన్ని గొడవలు మిగతా అన్నిటి చుట్టూ కలిపినా జరగవు.

మూడోది, ఏ తేదీ లెక్క? వాడిన తేదీనా, ఇన్వాయిస్ తేదీనా? మార్చి వాడకానికి బిల్లు ఏప్రిల్ మొదటి వారంలో వస్తుంది. ఇన్వాయిస్ తేదీ పట్టుకుంటే అది కొత్త ఏడాదిలోకి జారిపోతుంది. దానికి బదులు పోయిన ఏడాది మార్చి బిల్లు ఈ ఏడాదిలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇన్వాయిస్ మీద అది ఎలా కనిపిస్తుంది

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. హైదరాబాద్ కంపెనీ, బెంగళూరు విక్రేత. కమిట్ ఏడాదికి 60 లక్షలు, కాలం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31. నెలనెలా వాడినంతకే బిల్లు, కమిట్‌కి తగ్గిన మొత్తానికి, అంటే షార్ట్‌ఫాల్‌కి, చివర్లో బిల్లు. ఏప్రిల్ 10న వచ్చిన ఇన్వాయిస్‌లో ముఖ్యమైన వరుసలు ఇవి:

```
Annual Commitment Shortfall
Period: 01-Apr-2024 to 31-Mar-2025
Committed spend               60,00,000
Less: eligible usage          53,40,000
Taxable value                  6,60,000
IGST 18%                       1,18,800
Total                          7,78,800
```

అన్ని ఇన్వాయిస్‌లూ ఇంత వివరంగా ఉండవు. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఇది ఒకే వరుసగా వస్తుంది: పేరు, క్వాంటిటీ 1, రేటు 6,60,000. తీసివేత ఎక్కడా కనిపించదు. అలాంటప్పుడు కమిట్ స్టేట్‌మెంట్ అడగండి. ఏ నెల ఇన్వాయిస్‌లో ఎంత లెక్కకి వచ్చిందో అందులో నెలవారీగా ఉండాలి. అది పంపేదాకా బిల్లు అప్రూవ్ చేయకండి, అడగడం మీ హక్కు.

అడ్వాన్స్ కట్టే పద్ధతిలో బొమ్మ వేరుగా ఉంటుంది. అక్కడ ఏడాది మొత్తానికీ మొదట్లోనే ఇన్వాయిస్ ఇచ్చి జీఎస్టీ కూడా అప్పుడే వేస్తారు. ఆ తర్వాత నెలనెలా వచ్చేది బ్యాలెన్స్ ఎంత తరిగిందో చెప్పే స్టేట్‌మెంట్ మాత్రమే. ఏడాది చివర షార్ట్‌ఫాల్ బిల్లు ఉండదు, మిగిలిన బ్యాలెన్స్ గడువు తీరిపోతుంది, అంతే. అక్కడ చూడాల్సింది ఒకటే: నెలవారీ స్టేట్‌మెంట్‌లో మళ్ళీ జీఎస్టీ పడిందా? పడితే ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను.

లెక్క మళ్ళీ మీరే వేయండి

ఎక్సెల్‌లో పన్నెండు వరుసలు తీయండి. ఇన్వాయిస్ నంబరు, వాడకం నెల, టాక్సబుల్ వాల్యూ. ఇన్వాయిస్ తేదీని కావాలనే పక్కన పెట్టి, ప్రతి బిల్లు లోపల రాసిన సర్వీస్ పీరియడ్ చూసి నెల నింపండి. మన ఉదాహరణలో మార్చి బిల్లు తేదీ 2025 ఏప్రిల్ 4. అయినా అది పన్నెండో వరుసే, ఎందుకంటే ఈ ఒప్పందంలో వాడిన తేదీయే లెక్క.

పన్నెండు బిల్లుల టాక్సబుల్ వాల్యూ కలిపితే 54,90,000 వచ్చిందనుకోండి. ఏప్రిల్ బిల్లులో ఆన్‌బోర్డింగ్ ఫీజు 1,50,000 ఉంది, అది కమిట్‌లోకి రాదు. తీసేస్తే 53,40,000. విక్రేత చూపించిన అంకె సరిగ్గా ఇదే. ఇక్కడిదాకా వచ్చి "సరిపోయింది" అని ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

ఆగకుండా ఆగస్టు బిల్లు తెరవండి. అందులో ఎస్ఎల్ఏ క్రెడిట్ మైనస్ 60,000 ఉంది. అంటే ఆ నెల టాక్సబుల్ వాల్యూ ఇప్పటికే క్రెడిట్ పోగా మిగిలినది. ఒప్పందంలో "సర్వీస్ క్రెడిట్లకు ముందున్న ఛార్జీలు" కమిట్‌లోకి వస్తాయని రాసుకున్నారు. కాబట్టి ఆ 60,000 తిరిగి కలపాలి. లెక్కకొచ్చే వాడకం 54,00,000, షార్ట్‌ఫాల్ 6,00,000. పన్ను 1,08,000 కలిపితే మొత్తం 7,08,000. వచ్చిన బిల్లు కంటే 70,800 తక్కువ.

ఇది ఎవరో కావాలని చేసే పని కాదు. ఇన్వాయిస్‌ల నికర మొత్తాన్ని కమిట్‌లోంచి తీసేసేలా రిపోర్టు ఒకసారి రాసి పెడతారు, క్రెడిట్ల వాక్యం మాత్రం ఒక్కో కస్టమర్‌కీ ఒక్కోలా ఉంటుంది. ఫలితం చూడండి: సేవ ఆగిపోయినందుకు ఒక చేత్తో ఇచ్చిన 60,000 రూపాయలు షార్ట్‌ఫాల్ రూపంలో మరో చేత్తో వెనక్కి పోతాయి.

షార్ట్‌ఫాల్ మీద అసలు జీఎస్టీ పడాలా అని కొందరు అడుగుతారు. ఒప్పందం మీరినందుకు ఇచ్చే నష్టపరిహారం మీద పన్ను అక్కర్లేదని 2022 ఆగస్టులో వచ్చిన సర్క్యులర్‌ను చూపిస్తారు. విక్రేతలు మాత్రం దీన్ని పరిహారంగా చూడరు, ముందే ఒప్పుకున్న ధరలో భాగంగా చూసి 18% వేస్తారు. ఇన్‌పుట్ క్రెడిట్ పూర్తిగా దొరికే కంపెనీ దీని మీద పోట్లాడి ప్రయోజనం లేదని నా అభిప్రాయం. ఆసుపత్రిలా ఆ క్రెడిట్ దొరకనివాళ్ళయితే తమ పన్ను సలహాదారుని అడగడం మంచిది.

తేడా దొరికితే

ఫోన్‌లో కాదు, మెయిల్‌లో పెట్టండి. ఇన్వాయిస్ నంబరు, ఒప్పందంలోని వాక్యం, ఆగస్టు బిల్లు కాపీ, మీ ఎక్సెల్ జతచేయండి. వివాదం లేవనెత్తడానికి చాలా ఒప్పందాల్లో ఇన్ని రోజులని గడువుంటుంది, అది దాటితే బిల్లు ఒప్పుకున్నట్టే. వివాదం లేని 7,08,000 సమయానికి చెల్లించి, మిగతా 70,800 మాత్రమే ఆపండి. మొత్తం ఆపితే ఆలస్య రుసుము వాళ్ళ వైపు న్యాయం అవుతుంది. టీడీఎస్ కోయాల్సి ఉంటే జీఎస్టీ విడిగా చూపించారు కాబట్టి దాన్ని వదిలి టాక్సబుల్ వాల్యూ మీదే కోయండి.

విక్రేత తప్పు ఒప్పుకున్నాక "వచ్చే బిల్లులో సర్దేస్తాం సార్" అంటే సరే అనకండి. ఆ ట్రూ-అప్ ఇన్వాయిస్ నంబరు మీదే క్రెడిట్ నోట్ కావాలి: విలువ 60,000, ఐజీఎస్టీ 10,800. పన్ను తగ్గించుకోవాలంటే విక్రేత దాన్ని ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30లోపు రిటర్న్‌లో చూపించాలి. 2025 ఏప్రిల్ ఇన్వాయిస్‌కి అది 2026 నవంబర్ 30. మీరు ఇన్‌పుట్ క్రెడిట్ ముందే తీసుకుని ఉంటే ఆ 10,800 వెనక్కి వేయాలి.

అసలు పని డిసెంబర్‌లో ఉంది

ఏప్రిల్లో తప్పుల్ని మాత్రమే దిద్దుకోగలరు. షార్ట్‌ఫాల్‌ని తగ్గించుకోవాలంటే తొమ్మిదో నెల ముగిసేసరికి కాగితం మీద పెట్టాలి. మన ఉదాహరణలో డిసెంబర్ చివరికి లెక్కకొచ్చిన వాడకం 40,80,000. ఇంకా 19,20,000 మిగిలింది, అంటే మూడు నెలలూ నెలకి 6,40,000 వాడాలి. వాడకం మాత్రం నెలకి 4,40,000 దగ్గరే నడుస్తోంది. ఆరు లక్షల లోటు అప్పుడే కనిపిస్తోంది.

ఇప్పుడైతే మాట్లాడటానికి చోటుంది. వేరే విక్రేత దగ్గర ఉన్న పనేదైనా ఇటు మార్చగలరేమో టెక్ టీమ్‌ని అడగండి. లేదంటే లోటుని వచ్చే ఏడాదికి తోసేయమని, బదులుగా ఒప్పందం పొడిగిస్తామని విక్రేతని అడగండి. ఏడాది ముగియకముందు సేల్స్ వాళ్ళు దీనికి వింటారు, ఏప్రిల్ వచ్చాక ఆ ఫైలు బిల్లింగ్ చేతిలోకి వెళ్ళిపోతుంది. నోటిమాట సరిపోదు, సంతకాలున్న అమెండ్‌మెంట్ ఉండాలి. ఏదీ కుదరకపోతే మార్చి 31న ఆరు లక్షలకి పుస్తకాల్లో ప్రొవిజన్ పెట్టండి. బిల్లు ఏప్రిల్లో వచ్చినా ఖర్చు ఆ ఏడాదిదే.

మూడేళ్ళ ఒప్పందమైతే రెండో ఏడాది మొదటి కమిట్ స్టేట్‌మెంట్ కూడా ఒకసారి తెరిచి చూడండి. షార్ట్‌ఫాల్‌గా కట్టిన ఆరు లక్షలు అక్కడ వాడకంగా కనిపించవు, లోటుని వచ్చే ఏడాదికి తోసే రోల్‌ఓవర్ రాసుకుంటే తప్ప. ఏప్రిల్ 4 నాటి మార్చి బిల్లు మాత్రం పొరపాటున అక్కడికి చేరి ఉండవచ్చు. అలా చేరడం ఇప్పుడు మీకు లాభంగానే కనిపిస్తుంది, కానీ విక్రేత ఆడిట్‌లో అది దొరికితే తర్వాతి ఏప్రిల్లో ఆ మొత్తం మీ షార్ట్‌ఫాల్‌కి కలిసి వస్తుంది.