పరగడుపు షుగర్ సరిగానే ఉన్నా నెలసరి ఆలస్యమవుతుంటే: పీసీఓఎస్‌లో ఇన్సులిన్ నిరోధకతను గుర్తించి సరిదిద్దుకునే క్రమం

అండాశయాల పనిని, నెలసరిని దెబ్బతీసే హార్మోన్ల సమస్య అయిన పీసీఓఎస్ ఉందని తెలిసిన చాలామంది పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకుని, అది సరిగా ఉందని చూసి, తమ నెలసరి సమస్యకూ ఇన్సులిన్‌కూ సంబంధం లేదనుకుంటారు. ఈ అంచనా తరచుగా తప్పుతుంది. రక్తంలో చక్కెర అదుపులో ఉన్నప్పటికీ, దాన్ని అదుపులో ఉంచడానికి క్లోమం మామూలుకంటే ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేస్తూ ఉండవచ్చు. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించని ఈ స్థితినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. అండం విడుదలకు అడ్డుపడేది ఆ అదనపు ఇన్సులినే.

వివరంగా చూడడానికి, చాలామందిలో కనిపించే విషయాలను కలిపి ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 27 ఏళ్ల అమ్మాయి. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు. పరగడుపు షుగర్ 92.

లక్షణం: నెలసరి 50 నుంచి 60 రోజులకు ఒకసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు పెరుగుతున్నాయి, మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారింది

ఈ మూడింటిలో మెడ మీది మార్పును ఎండవల్ల వచ్చిన నలుపుగానో, సరిగా రుద్దుకోకపోవడంవల్ల పట్టిన మట్టిగానో భావించి పొరబడతారు. మెడ వెనుక, చంకల్లో చర్మం వెల్వెట్‌లా మందమై నల్లబడడం శరీరంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందని చెప్పే గుర్తు. అది ఎంత రుద్దినా పోదు, ఇన్సులిన్ తగ్గితే నెమ్మదిగా పలచబడుతుంది. నడుము కొలత కూడా అంతే ముఖ్యం. మన దక్షిణాసియా స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువైనట్టే లెక్క. బరువు మామూలుగా ఉన్న సన్నటి అమ్మాయిలలోనూ ఇన్సులిన్ నిరోధకత ఉండవచ్చు కాబట్టి, త్రాసు చూపే అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు.

ముందుగా తేల్చుకోవలసినవి

నెలసరి ఆలస్యమైనప్పుడు మొదట చేయవలసింది గర్భ పరీక్ష. ఆ తరువాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, ఎందుకంటే ఆ రెండింటిలో తేడా వచ్చినా నెలసరి ఇలాగే తప్పుతుంది. ఈ అమ్మాయిలో అవన్నీ సరిగానే ఉన్నాయని అనుకుందాం.

ఇక షుగర్ సంగతి. పరగడుపు పరీక్ష కంటే, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చూసే పరీక్ష ఇక్కడ ఎక్కువ విషయం చెబుతుంది. ఈ అమ్మాయికి రెండు గంటల విలువ 152 వచ్చింది. 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 వరకు మధుమేహానికి ముందు దశ, 200 లేదా అంతకు మించితే మధుమేహం. అంటే పరగడుపు అంకె దాచిపెట్టినదాన్ని ఈ పరీక్ష బయటపెట్టింది. దీనికి ముందు మూడు రోజులు అన్నం మానేయకుండా మామూలుగానే తినాలి. పరీక్షకు భయపడి ముందుగా పథ్యం చేస్తే ఫలితం తారుమారవుతుంది. పరగడుపు ఇన్సులిన్ కొలిచే పరీక్షను కొన్ని ల్యాబుల ప్యాకేజీల్లో చేరుస్తారు గాని, దాని ఫలితం నమ్మదగినంత స్థిరంగా ఉండదు, చికిత్స నిర్ణయానికి అది అవసరమూ లేదు.

కారణం: కండరాలు ఇన్సులిన్ మాట వినవు, అండాశయం మాత్రం వింటుంది

ఈ సమస్యకు కీలకం ఇదే. భోజనం తరువాత రక్తంలోకి వచ్చిన చక్కెరలో పెద్ద భాగాన్ని కండరాలు తీసుకోవాలి. అవి ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే, క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను పంపి ఆ పని జరిగేలా చూస్తుంది. అయితే అండాశయంలో పురుష హార్మోన్లను తయారుచేసే కణాలకు ఈ మొద్దుబారడం ఉండదు. వాటికి మెదడు దిగువనున్న పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ హార్మోను ఒక ప్రేరణ అయితే, అదనపు ఇన్సులిన్ రెండవది. రెండూ కలిసి టెస్టోస్టిరాన్ ఉత్పత్తిని పెంచుతాయి. అదే సమయంలో ఇన్సులిన్ కాలేయంపై పనిచేసి, టెస్టోస్టిరాన్‌ను బంధించి ఉంచే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది, దానివల్ల స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ మరింత పెరుగుతుంది.

ఈ వాతావరణంలో అండాశయంలో అండాలను మోసే చిన్న సంచులైన ఫోలికిల్స్ చాలా ఎదగడం మొదలుపెడతాయి గాని, వాటిలో ఒకటి ముందుకు వచ్చి 18, 20 మిల్లీమీటర్లకు పెరిగి పగిలి అండాన్ని విడుదల చేయాల్సింది పోయి, అన్నీ 10 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి. స్కానింగ్‌లో నీటితిత్తులని చెప్పేది ఇలా ఆగిపోయిన ఫోలికిల్స్‌నే. అవి కోసి తీసేయవలసిన గడ్డలు కావు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారవదు, అది లేకపోతే గర్భాశయ లోపలి పొర వారాల తరబడి పెరుగుతూ పోయి ఎప్పుడో ఒకసారి అస్తవ్యస్తంగా ఊడుతుంది. ఆ రక్తస్రావం చూసి నెలసరి వచ్చిందని ఊరట పడతారు, కాని దాని వెనుక అండం విడుదల జరిగి ఉండకపోవచ్చు. గర్భనిరోధక మాత్రలు ఆపినప్పుడు వచ్చే రక్తస్రావానికీ ఇదే వర్తిస్తుంది.

పరిష్కారం, మొదటి భాగం: ఉదయపు పళ్లెం

2023లో వెలువడిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఫలానా ఆహార పద్ధతే మిగతావాటికంటే మేలని చెప్పలేదు. కాబట్టి కీటో, పాలియో వంటి పేర్ల వెంట పడనవసరం లేదు. ఏళ్ల తరబడి కొనసాగించగలిగినదే సరైన పద్ధతి. మార్పు ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా ఉద్దేశంలో, ఉదయమే.

పీజీలో ఉదయం మూడు ఇడ్లీలో సెట్ దోసెలో, లేదంటే చిత్రాన్నమో పెడతారు. దానితో చక్కెర వేసిన ఫిల్టర్ కాఫీ. పిండిపదార్థం నిండుగా ఉండి, ప్రొటీన్, పీచు బాగా తక్కువగా ఉన్న పళ్లెమిది. పీజీ సాంబారులో పప్పు ఎంత ఉంటుందో తిన్నవారికి తెలుసు. అందువల్ల ఇడ్లీలను రెండుకు తగ్గించి, గదిలోనే ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉడికించుకున్న రెండు గుడ్లు చేర్చితే దాదాపు 12 గ్రాముల ప్రొటీన్ అదనంగా వస్తుంది. గుడ్లు తినని వారు నానబెట్టి మొలకెత్తించిన పెసలు, ఉడికించిన శనగలు చేర్చుకోవచ్చు. వంటింటి సౌకర్యం ఉంటే పెసరట్టు ఇంతకంటే మంచిది. 50 గ్రాముల పెసలతో చేసిన అట్టులోనూ ఇంచుమించు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అయితే లోపల ఉప్మా పెట్టకూడదు. కాఫీలో చక్కెర మానడం మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, తరువాత నాలుక అలవాటు పడుతుంది.

మధ్యాహ్నం అన్నం మానవలసిన పని లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు గట్టి పప్పో చేపో కోడికూరో, మిగిలిన పావు వంతు అన్నం ఉండేలా చూసుకుని, కూర, పప్పు ముందు కొంత తిని ఆ తరువాత అన్నానికి వెళితే భోజనానంతరం షుగర్ పెరుగుదల తగ్గుతుంది. చివర్లో పెరుగు ఉండనే ఉంది. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, రాగి మంచిదని మెత్తటి పిండితో పల్చటి జావ కాచి బెల్లం వేసుకుని తాగడం. అది త్వరగా జీర్ణమై షుగర్‌ను వేగంగానే పెంచుతుంది. రెండు, త్వరగా బరువు తగ్గాలని పూటలు మానేసి కడుపు మాడ్చుకోవడం. తీవ్రంగా ఆహారం తగ్గిస్తే మెదడే అండం విడుదల సంకేతాలను ఆపేస్తుంది, సమస్య ఇంకో దారిన తిరిగి వస్తుంది.

ఎంత తగ్గాలి? బరువు ఎక్కువగా ఉన్నవారిలో 5 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మెరుగుపడుతుంది. 68 కిలోల అమ్మాయికి అది సుమారు 3.5 కిలోలు మాత్రమే.

పరిష్కారం, రెండవ భాగం: కండరాలకు పని

కదులుతున్న కండరం ఇన్సులిన్ అవసరం లేకుండానే రక్తంలోంచి చక్కెరను తీసుకోగలదు. అందుకే భోజనం అయిన వెంటనే ఆఫీసు ప్రాంగణంలో పదిహేను నిమిషాలు నడవడం చిన్న పనిలా కనిపించినా ఎంతో ఉపయోగం. వ్యాయామం వల్ల ఇన్సులిన్‌కు పెరిగిన స్పందన ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. కాబట్టి శనివారం కబ్బన్ పార్కులో రెండు గంటలు నడిచి మిగతా వారమంతా కూర్చుంటే ప్రయోజనం నిలవదు. వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వకూడదు.

వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, దానికి తోడు వారంలో ఎడం ఇచ్చి రెండు రోజులు బరువు వ్యాయామాలు చేయాలి. చురుకైన నడక అంటే మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం. జిమ్ లేకపోతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులాన్చి పుషప్‌లు, నీళ్ల సీసాలు నింపిన సంచిని ఎత్తడం సరిపోతాయి, కాని వారాలు గడిచేకొద్దీ బరువును పెంచుతూ పోవాలి. పెరిగిన కండరం చక్కెరకు పెరిగిన చోటు. సన్నగా ఉన్నవారు బరువు తగ్గనవసరం లేదు కాబట్టి, వారికి ఈ భాగమే ముఖ్యమైన చికిత్స.

అండం విడుదలైందో లేదో ఎలా తెలుస్తుంది?

మందుల దుకాణంలో దొరికే అండం విడుదల స్ట్రిప్పులు ఎల్‌హెచ్‌ను పట్టిచూపుతాయి. పీసీఓఎస్‌లో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు కనుక స్ట్రిప్పు లేని సంకేతాన్ని చూపగలదు. రక్తంలో ప్రొజెస్టిరాన్ పరీక్ష నమ్మదగినది, కాని దాన్ని సరైన రోజున చేయాలి. ఇరవై ఒకటవ రోజు అనేది 28 రోజుల చక్రానికి సంబంధించిన లెక్క. అండం విడుదల సాధారణంగా తరువాతి నెలసరికి రెండు వారాల ముందు జరుగుతుంది కాబట్టి, 50 రోజుల చక్రంలో ఇరవై ఒకటవ రోజున పరీక్షిస్తే విడుదల కాకముందే చూసినట్టవుతుంది. పరీక్షించాల్సింది రాబోయే నెలసరికి వారం ముందు, అది ఊహించలేకపోతే వారం వారం మళ్లీ చేయించుకోవాలి. విలువ మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు.

మన ఉదాహరణలోని అమ్మాయికి మొదటి రెండు నెలల్లో నడుము చుట్టుకొలత తప్ప ఏదీ మారలేదు. ఫోలికిల్ ఎదగడానికే నెలలు పడుతుంది కాబట్టి ఇది వైఫల్యం కాదు. నాలుగో నెలకి బరువు 65, నడుము 86, చక్రం 41 రోజులు. ఆ తరువాతి చక్రం 36 రోజులకు వచ్చింది, అందులో 29వ రోజున ప్రొజెస్టిరాన్ 9 వచ్చింది. గడ్డం మీది వెంట్రుకలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి తగ్గడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. నెలసరి కంటే ముందే అండం విడుదల అవుతుంది. ఇన్నాళ్లూ రాలేదు కాబట్టి ఇప్పుడూ రాదనుకుని జాగ్రత్త తీసుకోకపోతే, ఒక్క నెలసరి కూడా చూడకుండానే గర్భం రావచ్చు. ఇప్పుడు పిల్లలు వద్దనుకునేవారు మార్పులు మొదలుపెట్టిన రోజు నుంచే గర్భనిరోధం పాటించాలి.

ఆరు నెలలైనా మారకపోతే

జీవనశైలి మార్పులు అందరిలోనూ అండం విడుదలను తిరిగి తేలేవు. రాత్రి షిఫ్టులు, నిద్రలో గురక, ఊపిరి ఆగడం వంటివి ఉంటే వాటిని డాక్టరుకు చెప్పాలి, అవి ఇన్సులిన్ నిరోధకతను పెంచుతాయి. ఇన్సులిన్‌కు శరీర స్పందనను పెంచే మందు మెట్‌ఫార్మిన్ అవసరమా అన్నదీ అప్పుడే చర్చించాలి. దాన్ని దీర్ఘకాలం వాడితే రక్తంలో విటమిన్ బి12 చూయించుకోవాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారికి అండం విడుదల చేయించే మందులలో మొదటి ఎంపిక లెట్రజోల్, దాన్ని స్కానింగ్ పర్యవేక్షణలోనే వాడాలి. వయసు 35 దాటినవారు ఆరు నెలలు ఆగకుండా మొదట్లోనే సంప్రదించడం మేలు.

వీటిలో ఏ దారిలో ఉన్నా, 90 రోజులు దాటి నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవాలి. ప్రొజెస్టిరాన్ లేకుండా గర్భాశయ పొర అలా పెరుగుతూ పోవడం దీర్ఘకాలంలో క్యాన్సర్ ముప్పును పెంచుతుంది, అందుకే గర్భం లేదని నిర్ధారించుకున్నాక మాత్రలతో ఆ పొరను ఊడిపోయేలా చేస్తారు.