డబ్బా పాల పాఠాలు – 4: ముందు నీళ్లు, తర్వాత పొడి

పోయిన పాఠంలో పాలు చిక్కబడితే బిడ్డకు దొడ్డి గట్టిబడుతుందని రాశాను. దానికి వచ్చిన జవాబులు చూశాక ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టాల్సి వచ్చింది. చాలామంది రాసింది ఒకటే: "మేడం, మీరు చెప్పినట్టే ఇంకో 30 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కువ పోస్తున్నం." నేను అలా చెప్పలేదు. ఇవాళే ఆపేయండి. పాలు పలచనైతే బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది కానీ బరువు పెరగదు. అదే పనిగా పలచటి పాలే పడితే ఒంట్లో ఉప్పు తగ్గి ఫిట్స్ కూడా రావచ్చు. చిక్కటి పాలకు మందు పలచటి పాలు కాదు, సరైన పాలు.

సీసా కడగడం, నీళ్లు మరిగించడం మళ్లీ చెప్పను. ఒక్క మాట మాత్రం నల్లగొండ వాళ్లకు. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాత బోరు నీళ్లు వద్దు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు మరిగించి వాడండి. కొలత మరిగించిన తర్వాతే.

ఇక అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో చూద్దాం. దేవరకొండ దగ్గరి ఒక అమ్మమ్మ మూడు నెలల మనవడికి పాలు కలుపుతోంది. డబ్బా మీద 30 మిల్లీలీటర్లకు ఒక స్కూప్ అని ఉంది. 120 కావాలి కాబట్టి నాలుగు స్కూపులు. లెక్క తప్పలేదు. కానీ ఆమె ముందు పొడి వేసి, తర్వాత 120 గీత దాకా నీళ్లు పోస్తోంది. పొడి కూడా సీసాలో చోటు తీసుకుంటుంది. నాలుగు స్కూపులకు 12, 13 మిల్లీలీటర్లు పోతాయి, అంటే నీళ్లు పడింది 107 మాత్రమే. పైగా స్కూపు గుట్టగా నింపుతోంది, "పిల్లగాడు బలంగ ఉండాలె" అని. గుట్టలో పావు వంతు ఎక్కువ పడిందనుకోండి, నాలుగు స్కూపులు అయిదు స్కూపుల పొడి అయ్యాయి. ఇప్పుడు నీళ్లకు మిగిలిన చోటు 104. ఒక్కో స్కూపు పొడికి 30 పడాల్సిన చోట 21 పడ్డాయి. పిల్లాడు మేకపెంటికల్లాంటి ఉండలు ముక్కి ముక్కి పోస్తున్నాడంటే ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి ముందు 120 నీళ్లు. సీసా బల్ల మీద పెట్టి, గీతను కళ్ల ఎత్తులో చూడండి. చేతిలో పట్టుకుని చూస్తే సీసా వంగి లెక్క మారుతుంది. తర్వాత స్కూపు నింపి, నొక్కకుండా, డబ్బా అంచుకో చాకు వీపుకో గీసి సమం చేసి వేయండి. కలిపాక పాలు 120 గీత దాటి పైకి వస్తాయి. అది తప్పు కాదు, అలాగే రావాలి. ఒక కంపెనీ స్కూపు ఇంకో డబ్బాలో వేయకండి, సైజులు వేరు. అర స్కూపు లెక్కలు నాకు అసలు నచ్చవు. 90 గానీ 120 గానీ కలపండి, మిగిలింది పారబోయండి.

ముక్కితే మలబద్ధకమేనా? కాదు. చిన్న బిడ్డ పది నిమిషాలు ముక్కి, ఎర్రబడి, ఏడ్చి చివరికి మెత్తగా పోతే టెన్షన్ అవసరం లేదు, ఆ పని ఇంకా నేర్చుకుంటోందంతే. రోజు విడిచి రోజు పోయినా మెత్తగా ఉంటే చాలు. చూడాల్సింది గట్టిదనం. కొలత సరిచేశాక రెండు మూడు రోజుల్లో మెత్తబడాలి. ఈలోపు ఆముదం, తేనె, సబ్బు ముక్క వద్దు. ఏడాది లోపు తేనె ప్రాణం మీదికి తెస్తుంది. ఆరు నెలలలోపు విడిగా నీళ్లు పట్టడం కూడా డాక్టర్ చెబితేనే.

మెత్తబడకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. నెల నిండని బిడ్డకు గట్టిగా అవుతుంటే, పుట్టాక నల్ల దొడ్డి రెండు రోజుల్లో పోకపోయి ఉంటే, బరువు పెరగకపోతే, దొడ్డిలో రక్తం ఉంటే, తెల్లటి సున్నంలా ఉంటే అంత ఆగడం కూడా వద్దు. పచ్చగా ఆకురసంలా వాంతి, ఉబ్బి బిగిసిన పొట్ట, జ్వరం, పాలు తాగకపోవడం, మత్తుగా పడి ఉండడం, ఉచ్చ బాగా తగ్గడం: వీటిలో ఏ ఒక్కటున్నా అదే గంటలో ఆసుపత్రికి పోవాలి, రాత్రయినా సరే.

అభ్యాసం: మీ సీసా గీతలు నిజమేనా చూడండి. ఖాళీ సీసాను కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టి సున్నా చేయించి, 120 గీత దాకా నీళ్లు పోయండి. 120 గ్రాములు రావాలి. అయిదు గ్రాములకు మించి తేడా ఉంటే ఆ సీసా పక్కన పడేయండి. తర్వాత మూడు రోజులు ఎవరు కలిపారు, ఎన్ని స్కూపులు, ఎంత నీళ్లు, ఉచ్చ ఎన్నిసార్లు, దొడ్డి ఉండలా మెత్తనా అని ప్రతి సీసాకూ రాయండి. రాత్రి రెండింటికి కలిపిన సీసా కూడా. డాక్టర్ దగ్గరికి పోవాల్సి వస్తే ఆ కాగితం, పాల డబ్బా, దాని స్కూపు వెంట తీసుకుపోండి.