సగటు వాల్యూమ్ నమ్మి ఇరుక్కున్న షేరు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా బావ షాపులో కూర్చుని, ఒక చిన్న కంపెనీ షేర్లు 2,000 కొన్నాను, ఒక్కోటి 62 రూపాయలకు. 20 రోజుల సగటు వాల్యూమ్, అంటే రోజుకు చేతులు మారే షేర్లు, 4,000 అని చూసి, సగం నాదే అయినా అమ్ముడవుతుందిలే అనుకున్నాను.

నెల తర్వాత అమ్మబోతే కొనేవాళ్లే లేరు. తెర మీద కనిపించే ఐదు బిడ్లూ, అంటే కొంటామన్న ఆర్డర్లు, కలిపినా 600 షేర్లు. మర్నాడు ధర ఆ రోజుకు పడగలిగే హద్దు, అంటే 5 శాతం లోయర్ సర్క్యూట్ తాకి, బిడ్ల వైపు పూర్తిగా ఖాళీ అయింది. ధర పడితే దానంతటదే అమ్మకానికి వెళ్లే స్టాప్‌లాస్ ఆర్డర్ ఉన్నా లాభం లేదు, అవతల కొనేవాడుండాలి కదా! ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి కొద్దికొద్దిగా అమ్ముకుని బయటపడటానికి తొమ్మిది రోజులు పట్టింది.

"రోజువారీ అంకెలు చూశావా?" అని బావ అడిగాక వాటిని వరసగా రాసుకున్నాను. ఒకే రోజు 52,000 షేర్లు చేతులు మారాయి. మిగతా 19 రోజులూ కలిపి 28,000, అంటే రోజుకు 1,500 లోపే. ఆ ఒక్క రోజే సగటును పెంచేసింది.

ఇప్పుడు 20 అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, మధ్యలో ఉన్న రెండింటి సగటును చూస్తాను. అది 1,500 అయితే అందులో 5 శాతం, అంటే 75 షేర్లకు మించి కొనను. తర్వాత ఏ ధరకు ఎన్ని షేర్లు కొంటామంటున్నారో, అమ్ముతామంటున్నారో చూపే మార్కెట్ డెప్త్ తెరుస్తాను. కొనేవాడు 60, అమ్మేవాడు 62 చెబుతుంటే, కొన్న క్షణమే 3 శాతం పోయినట్టే, అది వదిలేస్తాను. తేడా తక్కువుంటేనే, నేను చెప్పిన ధరకు మించి కొనని లిమిట్ ఆర్డర్ పెడతాను. మార్కెట్ ఆర్డర్ ఇలాంటి షేర్లలో పైపై ధరలకు ఎగబాకి కొనేస్తుంది.