ఆర్జిత సెలవు లెక్క, 4వ పాఠం: ఏడాది మధ్యలో చేరినవాళ్లు

పోయిన పాఠం చివరి లెక్క: 10 జూన్ 2024న ఫ్యాక్టరీలో చేరిన కార్మికుడికి ఆ ఏడాది పనికి ఎన్ని ఆర్జిత సెలవులు వస్తాయి? మీలో చాలామంది రాసిన జవాబు సున్నా. "10 జూన్ 2024న చేరాడు, 240 రోజులు ఎక్కడివి? సెలవు రాదు" అని తేల్చేశారు. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలన్న ఆ షరతు జనవరి 1 నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లది. మధ్యలో చేరినవాళ్లకు 2024లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్‌లో వేరే గేటు, అంటే వేరే అర్హత షరతు, ఉంది: చేరిన రోజు నుంచి డిసెంబరు 31 దాకా మిగిలిన రోజుల్లో మూడింట రెండు వంతులు పనిచేసి ఉండాలి. గేటు దాటితే లెక్క మామూలే, ప్రతి 20 పనిదినాలకు ఒక సెలవు. అది మరుసటి ఏడాది వాడుకోవాలి.

ఆ లెక్కే మళ్లీ చేద్దాం. జూన్ 10 నుంచి డిసెంబరు 31 దాకా 205 రోజులు. చేరిన రోజును వదిలేయకండి. మూడింట రెండు వంతులు 136.67, అంటే 137 రావాలి.

ఇక్కడే నాకు చిరాకు తెప్పించే పొరపాటు. కొందరు ముందుగా 29 ఆదివారాలు తీసేసి, మిగిలిన 176లో మూడింట రెండు వంతులు కట్టి 118 అంటారు. చట్టం చెప్పింది ఏడాదిలో మిగిలిన మొత్తం రోజులు. ఆదివారాలు, పండగలు అన్నీ అందులోనే. వాటిని తీసేస్తే గేటు కిందికి దిగిపోతుంది, అర్హత లేనివాడికీ సెలవు రాసేస్తారు.

మన కార్మికుడి మస్టరులో పనిదినాలు 129. కంపెనీ ఉద్యోగ నియమాలైన స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ఇచ్చిన లే-ఆఫ్, అంటే యాజమాన్యం పని ఇవ్వలేకపోయిన రోజులు, 12. 129 ఒక్కటే చూస్తే గేటు దాటడు. లే-ఆఫ్ రోజులను పనిచేసినట్టుగానే ఎంచాలి కాబట్టి 141 అయింది, దాటాడు. ఇక 141ని 20తో భాగించి 7 అనేస్తారు చాలామంది. తప్పు! లే-ఆఫ్ గేటు దాటించడానికే పనికొస్తుంది, సెలవు సంపాదించి పెట్టదు. భాగించాల్సింది 129ని: 6.45. అర రోజుకు తక్కువైతే వదిలేయాలి, అర లేదా పైన ఉంటే ఒక రోజు. కాబట్టి 6.

నేనైతే మస్టరులో రెండు గడులు పెడతాను, ఒకటి "గేటు", ఇంకొకటి "పని". లే-ఆఫ్ మొదటి గడిలోనే పడుతుంది. అసలు పనిచేసిన రోజు రెండింట్లోనూ పడుతుంది. నెలనెలా సెలవు కట్టి గుండ్రం చేసే పద్ధతి నాకు నచ్చదు. నెలకు 25 రోజులైతే 1.25 వస్తుంది, ప్రతి నెలా 1 రాస్తే నాలుగు నెలల్లో ఒక రోజు ఎగిరిపోతుంది. డిసెంబరు 31న ఒక్కసారే గుండ్రం చేయండి.

ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో గేటు అంకెలు మారాయి, 240 కాస్తా 180 అయింది. 20కి ఒకటి మాత్రం అలాగే ఉంది. దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం, పాత చట్టం ప్రకారమే: 19 ఆగస్టు 2024న చేరినవాడు, పనిదినాలు 86, లే-ఆఫ్ 4. సెలవు ఎంత? ఆ లే-ఆఫ్‌లో ఒకటి నిజానికి గైర్హాజరు అని తేలితే ఎంత? రెండు గడులూ వేసి చూపించండి.