మందుల షాపులో అడిగే ప్రశ్న: ఒక్క వాక్యం ఎప్పుడు చాలు, ఎప్పుడు చాలదు?

సాయంత్రం ఆరు దాటితే మా మందుల షాపు కౌంటర్ ముందు నలుగురైదుగురు ఒకేసారి నిలబడతారు. డబ్బులిస్తూ ఒకరు, సంచీ అందుకుంటూ మరొకరు ఏదో ఒకటి అడుగుతారు. "ఈ జ్వరం మాత్ర తిన్నాకే వేసుకోవాలా?" "పాపకు సిరప్ ఎంత పోయాలండీ?" వినడానికి రెండూ ఒకే రకం ప్రశ్నలు. మొదటిదానికి ఒక్క వాక్యం సరిపోతుంది. రెండోదానికి ఒక్క వాక్యం చెప్పి పంపితే బిడ్డ ఒంట్లోకి రెట్టింపు మందు వెళ్లవచ్చు. ఆ తేడాను అక్కడికక్కడే ఎలా పట్టుకోవాలో, అందరి ఇళ్లలో ఉండే పారాసిటమాల్‌నే తీసుకుని చెబుతాను. ఇంట్లో వాళ్లంతా మందుల సంగతి మిమ్మల్నే అడుగుతుంటే ఇది మీకూ పనికొస్తుంది.

1. అడిగే మనిషి మారితే జవాబు మారుతుందా?

నోరు తెరిచే ముందు ఈ ఒక్క సంగతి చూసుకోండి. పారాసిటమాల్ మాత్రను తినకముందు వేసుకున్నా, తిన్నాక వేసుకున్నా ఫరవాలేదు. ఇది ఎవరడిగినా ఇంతే. కాబట్టి "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అని ఆపేయండి. అక్కడ కడుపులో మంట గురించి, వేరే నొప్పి మాత్రల గురించి చెప్పడం మొదలుపెడితే, నిశ్చింతగా వెళ్లవలసిన మనిషి అనుమానంతో వెళతాడు.

స్ట్రిప్ మీద గడువు జూన్ 2027 అని ఉంటే ఎప్పటిదాకా వాడవచ్చు? జూన్ చివరి రోజు దాకా. ఇదీ ఒక్క వాక్యమే. అయితే అదే ప్రశ్నను కంటి చుక్కల సీసా చూపించి అడిగితే ఆగాలి. సీల్ తీసిన తర్వాత సీసా మీది తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు. చాలా రకాల కంటి చుక్కలను తెరిచిన నాలుగు వారాలకు పారేయాలి. అంటే మనిషి మారకపోయినా, చేతిలోని వస్తువు మారితే జవాబు మారింది. అందుకే అడుగుతున్నది ఏ మందు గురించో కళ్లతో చూడకుండా ఒక్క వాక్యం చెప్పను.

2. జవాబు ఒక అంకె అయితే, ఆ అంకె వెనక ఏముందో చూడండి

"ఎంత పోయాలి?" అన్న ప్రశ్నకు జవాబు ఒక అంకె. అంకె చిన్నది కాబట్టి జవాబూ చిన్నదేనని అనిపిస్తుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

పది కిలోల బిడ్డ అనుకుందాం. పిల్లలకు పారాసిటమాల్‌ను వయసును బట్టి కాక బరువును బట్టి ఇస్తారు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఒక విడతకు. అంటే ఈ బిడ్డకు ఒకసారికి గరిష్ఠంగా 150 మిల్లీగ్రాములు. ఇక షాపులో ఇదే మందు మూడు బలాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు పోయాలి. 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే 3 చాలు. ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉండే చుక్కల మందు అయితే ఒకటిన్నర మాత్రమే.

"మూడు పోయండమ్మా" అని మీరు 250 సిరప్‌ను మనసులో పెట్టుకుని చెప్పారనుకోండి. ఆ తల్లి ఇంట్లో ఉన్నది చుక్కల మందు. బిడ్డకు 300 మిల్లీగ్రాములు పడతాయి, అంటే రెట్టింపు. "ఒక చెంచా" అని చెబితే ఇంకా ప్రమాదం. చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు. పైగా వంటింటి చెంచాలు అన్నీ ఒకే కొలతలో ఉండవు. చుక్కల మందును చిన్న సీసాలో పోసి అమ్ముతారు కాబట్టి అది తక్కువ బలమున్నదని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తిరగబడి ఉంటుంది.

అందుకే ఈ ప్రశ్న వచ్చినప్పుడు వరుసలో ఎంతమంది ఉన్నా సరే, బిడ్డ బరువెంత, ఏ సీసా, దేనితో కొలుస్తారు అన్న మూడూ తెలుసుకున్నాకే అంకె చెప్పండి. బిడ్డకు మూడు నెలలు నిండలేదంటే అంకె అసలు చెప్పవద్దు. ఆ వయసులో జ్వరం వస్తే వెంటనే డాక్టర్ చూడాలి.

3. ఒక ఎదురు ప్రశ్న వేయండి

జవాబు పెద్దదా చిన్నదా అన్నది చాలాసార్లు అడిగిన ప్రశ్నలో కనిపించదు. ఒక పెద్దాయన వచ్చి "650 మాత్ర రోజుకు నాలుగు వేసుకోవచ్చా?" అన్నారనుకుందాం. నాలుగు వేస్తే 2,600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటకూడదన్నది హద్దు. ఇక్కడిదాకా "వేసుకోవచ్చు, ఆరు గంటలకొకటి" అంటే సరిపోతుంది.

కానీ "ఇంకేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగి చూడండి. "జలుబు మాత్ర, రోజుకు మూడు" అంటారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. ఆయన వాడేదానిలో 500 ఉంటే, మూడింటికి 1,500. మొత్తం 4,100. పేర్లు వేరు కాబట్టి రెండు వేర్వేరు మందులు వేసుకుంటున్నాననే ఆయన నమ్మకం. ఇప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి, పారాసిటమాల్ అన్న మాట రెండింటి మీదా ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. కాలేయ జబ్బు ఉన్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా ఆ 4,000 హద్దు ఆయనకు వర్తించదు. డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి.

ఎదురు ప్రశ్నకు "లేదు" అని జవాబొస్తే ఒక్క వాక్యానికి తిరిగి వచ్చేయవచ్చు. అడగడానికి పట్టేది ఐదు సెకన్లు.

4. వివరించాల్సి వస్తే, జవాబుతోనే మొదలుపెట్టండి

ఆ తల్లికి బరువు, బలం, భాగాహారం అన్నీ చెప్పి చివర్లో అంకె చెబితే, ఆమెకు ఏదీ గుర్తుండదు. "ఈ సీసాలోది ఒకటిన్నర మిల్లీలీటర్లు, ఈ గొట్టంతోనే" అని ముందు చెప్పండి. తర్వాత ఒక్క కారణం: "ఇది సిరప్ కంటే చిక్కని మందమ్మా." ఆ తర్వాత హద్దు: విడతకూ విడతకూ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజులో నాలుగు విడతలు దాటకూడదు. అంతే, ఇంకేమీ చేర్చవద్దు. అంకెను డబ్బా మీద పెన్నుతో రాయండి. చివరగా గొట్టం ఆమె చేతికిచ్చి ఎక్కడిదాకా తీస్తారో చూపించమనండి. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. గొట్టం మీద గీత చూపించినప్పుడే మీ మాట చేరిందో లేదో తెలుస్తుంది.

5. విషయం పెద్దదే అయినా ఒక్క వాక్యంతో ఆపాల్సినవి

వివరణకు ఎంతో సరుకున్నా చెప్పకూడని సందర్భాలు ఉన్నాయి. డెంగీ అనుమానమున్న జ్వరానికి ఐబుప్రొఫెన్ లేదా ఆస్పిరిన్ ఇవ్వమని అడిగితే, "వద్దు, ఇవి రక్తస్రావం పెంచుతాయి, పారాసిటమాల్ తప్ప మరేదీ వద్దు" అని గట్టిగా చెప్పి ఆపండి.

మరొకటి, "మా అబ్బాయి పొరపాటున చాలా మాత్రలు మింగాడు, ఇప్పుడైతే బాగానే ఉన్నాడు, ఏమైనా అవుతుందా?" అన్న ఫోను. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి. విరుగుడు మందు ఉంది, కానీ ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఇదంతా ఫోనులో చెప్పుకుంటూ కూర్చోవద్దు. "బాగానే ఉన్నా సరే, ఈ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఖాళీ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి" అని చెప్పి ఫోను పెట్టేయండి.