సొంత గొంతును క్లోన్ చేస్తే ఎదురయ్యే చిక్కులు: పర్లాకిమిడిలో నా అనుభవం

మా ఊరి పాత కబుర్లను ఆడియోగా చెబుతుంటాను. రోజూ గంటలు గంటలు చదవలేక, రాసిచ్చినదాన్ని నా గొంతుతో చదివిపెట్టేలా ఏఐతో నా గొంతునే క్లోన్ చేసుకున్నాను. మొదటి భాగం విని మా మావయ్య, "ఏటిరా, జలుబు చేసినాదేటి? గొంతు నీదే గానీ మాట నీది కాదు" అన్నాడు. ఆయన మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయని తర్వాత తెలిసింది.

సమస్య: గొంతు నూతిలోంచి వస్తున్నట్టు, ముక్కు పట్టేసినట్టు ఉంది

క్లోన్‌కు మీ గొంతు ఏదో, గది ఏదో తెలీదు. రెండింటినీ కలిపి నేర్చుకుంటుంది. నేను హాల్లో, ఫ్యాన్ కింద చదివాను. గచ్చు నేల, ఖాళీ గోడలు. ఆ మోతే ప్రతి వాక్యానికీ అంటుకుంది. పైగా ఫైలును ఫోన్ నుంచి వాట్సాప్ వాయిస్ నోట్‌గా పంపుకున్నాను. అది స, శ లాంటి ధ్వనుల్లోని పదును తీసేస్తుంది. తర్వాత దాన్ని WAV అనే కుదించని ఆడియో ఫైలుగా మార్చినా పోయింది తిరిగి రాదు.

పరిష్కారం చవకైనదే. బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో పరుపును గోడకు నిలబెట్టి, ఫ్యాన్ ఆపి, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టి మళ్లీ చదివాను. ఎంత గట్టిగా పలికినా, శబ్దం స్థాయి చూపించే మీటరును -6 డీబీ దాటనివ్వలేదు. రికార్డింగ్‌ను నేరుగా WAVలోనే దాచాను. నాయిస్ తీసే ఫిల్టర్లు వాడకండి, అవి వదిలే లోహపు గరగరను కూడా క్లోన్ నేర్చేసుకుంటుంది. ఒకటి రెండు నిమిషాల నమూనాతో పని కానిచ్చే పద్ధతి ఉంది, అరగంటకు పైగా అడిగే పద్ధతీ ఉంది. కథలు చెప్పేవాళ్లకు రెండోదే మేలు. కానీ గదిమోత ఉన్న మూడు గంటలకన్నా శుభ్రమైన ముప్పై నిమిషాలే నయం.

సమస్య: గొంతు నాదే, యాస నాది కాదు

మావయ్య చెప్పిన రెండో జబ్బు ఇదే, దీనికి పూర్తి మందు లేదు. నమూనా నుంచి ప్రధానంగా వచ్చేది గొంతు రంగు. ఉచ్చారణ, విరుపు చాలావరకు క్లోన్ వెనకున్న ఏఐ మోడల్ ముందే విన్న తెలుగు నుంచి వస్తాయి, అది ఎక్కువగా వార్తలు చదివే తెలుగులా ఉంటుంది. అందుకే నా "ఉన్నాది", "ఏటి" అన్నవి అక్షరాలా పలికింది గానీ, మనం సాగదీసే చోట సాగదీయలేదు.

అంకెలూ ఇంతే. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన సంగతి రాస్తూ "1936లో" అని పెట్టాను. ఒకసారి ఇంగ్లీషులో "వన్ నైన్ త్రీ సిక్స్‌లో" అంది, ఇంకోసారి "వెయ్యి తొమ్మిది వందల" అని మొదలెట్టింది. స్క్రిప్టులో "పంతొమ్మిది వందల ముప్పై ఆరులో" అని అక్షరాల్లో రాశాకే కుదిరింది. ఊళ్ల పేర్లు కూడా చెవికి వినబడినట్టే రాయాలి. ఒక్కో ముక్కలో మూడు నాలుగు వాక్యాలే ఇవ్వాలి, పొడుగైతే చివరికి వేగం పెరిగి స్వరం జారుతుంది.

సంభాషణలు మాత్రం ఇప్పుడు నేనే చదువుతున్నాను. వర్ణన క్లోన్‌ది, మాటలు నావి. రెండూ అతకాలంటే అదే గది, అదే మైకు, అదే దూరం ఉండాలి. ఏడుపు, ఎగతాళి, గుసగుస ఉన్న చోట క్లోన్ మీద ఆశ పెట్టుకోకండి.

సమస్య: "ఇది మీ గొంతు కాదు" అని ధ్రువీకరణలో తిరగ్గొట్టింది

గొంతు క్లోన్ చేసిపెట్టే కొన్ని సేవలు తెరమీద ఒక వాక్యం చూపించి అప్పటికప్పుడు చదవమంటాయి, అది నమూనాతో సరిపోలాలి. నా నమూనా మధ్యలో మా అమ్మ "కాఫీ తాగుతావా" అన్న మాట ఉంది. అది తీసేసి, అదే మైకుతో చదివితే ఒప్పుకుంది. అమ్మ గొంతు క్లోన్‌లోకి వెళ్లడానికి ఆమెను అడగలేదు కదా, కాబట్టి తీసేయడమే సరి.

మీ గొంతుకు మీరిచ్చే అనుమతి ఎవరికో డబ్బుకు చదివిపెట్టేటప్పుడు అసలు పరీక్షకు వస్తుంది. నన్నొకరు "మోడల్ మాకిచ్చేయండి" అన్నారు, ఇవ్వలేదు. ఏ పనికి, ఎంతకాలం, ప్రకటనలకూ ఎన్నికల ప్రచారానికీ వాడకూడదని కాగితం మీద రాసుకున్నాం. అకౌంటు నా దగ్గరే ఉంటుంది, వాళ్లకు ఆడియో మాత్రమే వెళ్తుంది.

సమస్య: తెలిసినవాళ్లు మోసపోయామన్నారు

కారణం అది క్లోన్ గొంతని నేను ముందే చెప్పకపోవడమే. వివరణలో అడుగున రాశాను, అది ఎవరు చదువుతారు? ఇప్పుడు ప్రతి భాగం మొదట్లో నా అసలు గొంతుతో పదిక్షణాలు చెబుతున్నాను: "ఇందులో కథ చెప్పేది నా గొంతుకు చేసిన క్లోన్. సంభాషణలు నేనే చదివాను." మావయ్య ఇప్పుడు క్లోన్ ఎక్కడ ఆగి నేనెక్కడ మొదలయ్యానో పట్టుకునే ఆట ఆడుతుంటాడు. పదిలో ఎనిమిది సార్లు పట్టేస్తున్నాడు.